జీతంలో కోతా, వాయిదానా? కంపెనీ లేఖలో ముందు తేల్చుకోవాల్సింది

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల డబ్బు లెక్క మిగతా పరిశ్రమల లెక్కలా ఉండదు. తోతాపురి కాయ ముమ్మరంగా వచ్చేది జూన్, జులై నెలల్లోనే. కాయకు, కూలీలకు, బాయిలర్‌కు, డ్రమ్ములకు పెట్టాల్సిన డబ్బంతా ఆ కొద్ది వారాల్లోనే పెట్టాలి. గుజ్జు అమ్ముడై ఆ డబ్బు తిరిగి రావడం మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది. ఎగుమతి ఆర్డర్లు మందగించి పాత సరుకు గోదాముల్లోనే ఉండిపోతే కొత్త సీజన్‌కు చేతిలో పైసా ఆడదు. 2025 సీజన్‌లో ధర ఎంత పడిపోయిందంటే, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం మరో 4 రూపాయలు కలిపేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

ఇలాంటి ఏడాదిలో సీజన్ కూలీల పని ఎలాగూ ముగిసిపోతుంది. ల్యాబ్, బాయిలర్, స్టోర్స్, అకౌంట్స్ విభాగాల్లో ఏడాదంతా ఉండే సిబ్బందికి మాత్రం ఒక పేజీ లేఖ వస్తుంది. దాదాపు ఇలా ఉంటుంది: ‘కంపెనీ ఎదుర్కొంటున్న ఆర్థిక ఇబ్బందుల దృష్ట్యా ఆగస్టు నుంచి జీతాల్లో 25 శాతం తాత్కాలికంగా సర్దుబాటు చేస్తున్నాం. పరిస్థితి చక్కబడిన వెంటనే పునరుద్ధరిస్తాం. సహకరించగలరు.’

మర్యాదగానే ఉంది. కానీ ఆ 25 శాతం పోయినట్టా, తర్వాత ఇస్తారా? ఎన్ని నెలలు? పునరుద్ధరించడమంటే పాత జీతం మళ్లీ మొదలవడమా, ఆగిన డబ్బు కూడా చేతికి రావడమా? లేఖలో ఒక్కదానికీ జవాబు లేదు. చాలాసార్లు ఇది కావాలని చేసిన మోసం కాదు. రాసినవాళ్లకే అప్పటికి తేలలేదు, అంతే. అయితే తేలనిది తేలనట్టే ఉండిపోతే నష్టం సిబ్బందిది.

రెండూ ఒకటి కావు

కోత అంటే ఆ నెలల్లో మీ జీతమే తక్కువ. కంపెనీ కోలుకున్నా ఆ డబ్బు తిరిగి రాదు. వాయిదా అంటే జీతం మునుపటిదే, అందులో కొంత ఇప్పుడు చేతికి రావడం లేదు. అది కంపెనీ మీకు పడిన బాకీ.

కంపెనీ కష్టం ఏ రకందో చూస్తే ఈ రెంటిలో ఏది న్యాయమో కొంత తెలుస్తుంది. సరుకు ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు, డబ్బు రావడమే ఆలస్యమవుతోందంటే అడగాల్సింది వాయిదా. ఆర్డర్లే పోయాయి, ఇకముందు పని కూడా తగ్గుతుంది అంటే కోత మాట వస్తుంది, దాంతోపాటు పని గంటలు ఎంత తగ్గుతాయన్న మాట కూడా రావాలి. గోదాము నిండా డ్రమ్ములున్న కంపెనీ కోతే వేస్తానంటే, ఎందుకు వాయిదా కాదని అడగడంలో తప్పేమీ లేదు.

ఒక ల్యాబ్ ఇన్‌ఛార్జిని ఉదాహరణగా తీసుకుందాం. తొమ్మిదేళ్ల సర్వీసు. నెల జీతం 40,000 రూపాయలు: బేసిక్, డీఏ కలిపి 24,000, ఇంటి అద్దె, ప్రయాణ భత్యాలు కలిపి 16,000. ఆగస్టు నుంచి జనవరి దాకా ఆరు నెలలు 25 శాతం ఆగింది అనుకుందాం. నెలకు 10,000 చొప్పున మొత్తం 60,000. కోత అయితే ఆ 60,000 లేవు. వాయిదా అయితే ఫిబ్రవరి 1 నాటికి కంపెనీ ఆయనకు 60,000 బాకీ.

లేఖలో ఏం రాసినా, కంపెనీ నిజంగా ఏం చేస్తోందో పేస్లిప్ చెబుతుంది. వాయిదా అయితే స్లిప్‌లో మొత్తం జీతం 40,000 అనే ఉండాలి. కింద విడిగా ‘వాయిదా వేసిన జీతం 10,000’ అని ఒక వరుస, ఆ తర్వాత చేతికొచ్చే మొత్తం ఉండాలి. మొత్తం జీతమే 30,000 అని చూపిస్తే, మేనేజర్ నోటిమాటగా ‘తర్వాత ఇచ్చేస్తాంలే’ అన్నా కాగితం మీద అది కోతే. ఇంకో పద్ధతి కూడా ఉంది. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో వాయిదాకు వరుస లేదని ఏడున్నర రోజుల లాస్ ఆఫ్ పే వేసి లెక్క సరిపెట్టేస్తారు. దీన్ని మొదటి నెలలోనే సరిచేయించుకోవాలి. లాస్ ఆఫ్ పే అంటే మీరు పనికి రాలేదని అర్థం. రేపు బాకీ అడిగితే ‘రాని రోజులకు జీతమేంటి’ అనే ప్రశ్న వస్తుంది. బ్యాంకు లోనుకు వెళ్తే అక్కడా అదే ప్రశ్న.

పీఎఫ్‌లోనూ తేడా కనిపిస్తుంది. పీఎఫ్ లెక్కించేది సంపాదించిన జీతం మీద, చేతికొచ్చిన జీతం మీద కాదు. కాబట్టి వాయిదాలో 24,000 మీద 12 శాతం, అంటే 2,880 రూపాయలు మీ వాటాగా ప్రతి నెలా కట్టాల్సిందే. కంపెనీ వాటా కూడా అంతే. కోతను బేసిక్ మీద కూడా వేస్తే బేసిక్ 18,000 అవుతుంది, మీ వాటా 2,160కి తగ్గుతుంది. రెండు వాటాలు కలిపి నెలకు 1,440, ఆరు నెలలకు 8,640 రూపాయలు ఖాతాలో పడవు. (మొదటినుంచీ 15,000 పరిమితి మీదే పీఎఫ్ కట్టే కంపెనీలో ఈ తేడా రాదు.) ఈపీఎఫ్ఓ పాస్‌బుక్‌లో నెలనెలా ఏ జీతం మీద జమ చేశారో కనిపిస్తుంది. వాయిదా అని చెప్పి అక్కడ తగ్గించిన జీతం చూపిస్తున్నారంటే కంపెనీ దాన్ని కోతగానే లెక్కేస్తోందన్నమాట.

చట్టం ఎంతవరకు పట్టుకుంటుంది

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లో ఉన్నాయి. జీతాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు అందాలి. జీతంలోంచి ఏయే కారణాలకు కోయవచ్చో ఆ కోడ్‌లోనే జాబితా ఉంది. పీఎఫ్, పన్ను, అడ్వాన్సు, గైర్హాజరు లాంటివి ఉన్నాయి గానీ ‘కంపెనీకి కష్టమొచ్చింది’ అన్నది అందులో లేదు. అందుకే చేసేసిన పనికి జీతం తగ్గించడం కుదరదు. ఆగస్టు 20న లేఖ ఇచ్చి ఆగస్టు 1 నుంచి కోస్తామనడం చాలాచోట్ల జరిగే పొరపాటు. ఆ 20 రోజుల పని అప్పటికే అయిపోయింది, ఆ జీతం పాత లెక్కలోనే రావాలి. కొత్త లెక్క ఏదైనా రాబోయే నెల నుంచే.

రాబోయే నెలల జీతం తగ్గించాలన్నా, కార్మికుల విషయంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 21 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వమంటుంది. జీతం, దాన్ని చెల్లించే కాలం, పద్ధతి ఆ నోటీసు అవసరమైన అంశాల్లో మొదటిది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఇదే ఉండేది. ఇక్కడ కార్మికుడంటే ఒంటిపై యూనిఫాం ఉన్నవాడే అనుకోకూడదు. సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్లూ వస్తారు. మేనేజర్లు, నెలకు 18,000 దాటిన జీతంతో సూపర్‌వైజరీ పని చేసేవాళ్లు రారు. మన ల్యాబ్ ఇన్‌ఛార్జి రోజంతా తానే బ్రిక్స్, ఆమ్లత పరీక్షలు చేస్తూ ఉంటే, పేరులో ‘ఇన్‌ఛార్జి’ ఉందని మాత్రమే ఆయన్ని పక్కన పెట్టలేరు. హోదా పేరుకంటే చేసే పని ఏమిటన్నదే చూస్తారు. పైగా 7వ తేదీ నిబంధన, కోతల జాబితా కార్మికులతో పాటు ఉద్యోగులందరికీ వర్తిస్తాయి. తగ్గించిన జీతం కనీస వేతనం కంటే కిందికి పోకూడదన్నది ఎలాగూ ఉంది. సమ్మతి తీసుకున్నా దాని కిందికి వెళ్లడానికి లేదు.

వాయిదా విషయంలో ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక తీర్పుంది. 2020లో కొవిడ్ సమయంలో రాష్ట్ర ప్రభుత్వం మార్చి, ఏప్రిల్ జీతాల్లో కొంత భాగాన్ని వాయిదా వేసింది. ఉద్యోగుల్లో చాలామందికి సగం, నాలుగో తరగతి సిబ్బందికి 10 శాతం ఆగింది. పెన్షన్లూ ఆగాయి. విశ్రాంత జిల్లా జడ్జి ఒకరు హైకోర్టుకు వెళ్తే, ఆగిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇమ్మని తీర్పు వచ్చింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, వడ్డీ అసలే వద్దన్న ప్రభుత్వ వాదన ఒప్పుకోలేదు. చేసిన పనికి జీతం ఉద్యోగి హక్కని, చెల్లింపు ఆలస్యమైనందుకు వడ్డీ ఇవ్వడం సబబేనని చెప్పింది. అది ప్రభుత్వ ఉద్యోగుల కేసు కాబట్టి ప్రైవేటు కంపెనీకి నేరుగా అతికించలేం. కానీ వాయిదా లేఖ మీద మాట్లాడేటప్పుడు ‘6 శాతం సాధారణ వడ్డీ కలపండి’ అని అడగడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. మన ఉదాహరణలో ఒక్కో 10,000 ఆరు నెలలు ఆగితే వడ్డీ 300 రూపాయలు. కంపెనీకి అది భారం కాదు. సిబ్బందికి దాని అసలు విలువ వేరేచోట ఉంది: వడ్డీ రాసిందంటే అది బాకీ అని కంపెనీ ఒప్పుకున్నట్టు.

గడువు: ‘సరుకు అమ్ముడయ్యాక’ అంటే ఎప్పుడు?

గుజ్జు ఫ్యాక్టరీలో ఎక్కువగా వినిపించే హామీ ఇది: పాత స్టాక్ కదలగానే ఇచ్చేస్తాం. వినడానికి సబబుగానే ఉంటుంది, స్టాక్ కళ్లముందే ఉంది కూడా. ఇందులో చిక్కు స్టోర్స్‌లో కంటే అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఆ డ్రమ్ములు చాలావరకు బ్యాంకు తనఖాలో ఉంటాయి. వాటి విలువ చూపించే కంపెనీ సీసీ లిమిట్, అంటే సరుకు మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు, వాడుకుంటుంది, ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తుంది. సరుకు పాతబడేకొద్దీ బ్యాంకు దాన్ని లెక్కలోంచి తీసేస్తూ వాడుకోగల మొత్తాన్ని తగ్గిస్తుంది. అందుకే ఒక కంటైనర్ కదిలినా ఆ డబ్బు ముందు సీసీ ఖాతాలోకి వెళ్లి అక్కడి లోటు పూడుస్తుంది. ఆ తర్వాత రైతుల పాత బకాయిలు, కొత్త సీజన్ అడ్వాన్సులు. జీతాల బాకీ వరుసలో ఎక్కడో చివర నిలబడుతుంది.

కాబట్టి సరుకు అమ్మకంతో ముడిపెట్టిన హామీని ఒప్పుకున్నా, పక్కన ఒక ఆఖరి తేదీ ఉండాలి. ‘అమ్మకం జరిగిన 15 రోజుల్లో, లేదా మార్చి 31లోపు, ఏది ముందైతే అది’ అని రాయించుకోవాలి. ఇక్కడ మార్చి 31 ఊరికే అన్న తేదీ కాదు. ఏప్రిల్ దాటితే కంపెనీ డబ్బంతా కొత్త సీజన్ కాయ వైపు తిరుగుతుంది. మే నెలలో పాత జీతం అడిగితే దొరికే జవాబు అందరికీ తెలిసిందే. కొత్త సీజన్ కొనుగోళ్లు మొదలవకముందే బాకీ తీరేలా విడతలు పెట్టుకోవాలి. మన ఉదాహరణలో ఫిబ్రవరి, మార్చి జీతాలతో 30,000 చొప్పున రెండు విడతల్లో అడగొచ్చు. కంపెనీ మోయలేనంటే 20,000 చొప్పున మూడు విడతలకు దిగొచ్చు గానీ, అంతకుమించి లాగితే సీజన్‌లో పడి కొట్టుకుపోతుంది.

తేదీ లేకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. జీతాల కోడ్ కింద క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువు. ఎప్పుడు ఇవ్వాల్సిందో స్పష్టంగా లేని బాకీకి ఆ మూడేళ్లు ఎప్పుడు మొదలయ్యాయన్న దగ్గరే వాదన మొదలవుతుంది. తేదీ ఉంటే ఆ వాదనకు తావుండదు.

ఎన్ని నెలలు అన్న ప్రశ్నకు నా అభిప్రాయం ఇది. ఒక్కసారిగా ఆరు నెలలకు ఒప్పుకోవడం కంటే మూడు నెలలకు ఒప్పుకొని, పొడిగించాలంటే మళ్లీ రాతపూర్వక సమ్మతి కావాలని పెట్టుకోవడం మేలు. మూడో నెల చివర ఎవరూ మాట్లాడకపోతే పాత జీతం దానంతటదే తిరిగి మొదలవ్వాలి. చాలా లేఖల్లో ఇది తలకిందులుగా ఉంటుంది: యాజమాన్యం వేరే లేఖ ఇస్తేనే పాత జీతం. అప్పుడు మౌనం కంపెనీకి లాభం. తగ్గిన జీతం తీసుకుంటూ ఏడాదిపాటు ఒక్క మెయిల్ కూడా పెట్టకపోతే ‘వాళ్లు ఒప్పుకున్నారు’ అనే వాదన బలపడుతుంది.

పునరుద్ధరణలో దొర్లే లెక్కలు

25 శాతం తగ్గించాం, 25 శాతం పెంచేస్తున్నాం అని లేఖ వస్తే కాలిక్యులేటర్ తీయాలి. 40,000లో 25 శాతం పోతే 30,000. ఆ 30,000 మీద 25 శాతం పెంచితే 37,500. పాత జీతం కావాలంటే 33.33 శాతం పెరగాలి. అందుకే లేఖలో శాతాలు కాకుండా ‘జులై నెలలో ఉన్న జీతం 40,000 రూపాయలు’ అని అంకె రాయించుకోవాలి. బేసిక్ ఎంత, భత్యాలు ఎంత అన్నది కూడా అక్కడే ఉండాలి.

ఇంక్రిమెంటు గురించి చాలామంది అడగరు. కోత కాలంలో ఏప్రిల్ వస్తే ఆ ఏడాది ఇంక్రిమెంటు సాధారణంగా ఎగిరిపోతుంది. 8 శాతం వచ్చేదనుకుంటే జీతం 43,200 అయ్యేది. అక్టోబరులో 40,000 తిరిగి ఇచ్చి ‘పూర్తిగా పునరుద్ధరించాం’ అంటారు. కాదనలేం. కానీ నెలకు 3,200 తేడా ఆ ఏడాదితో పోదు, తర్వాతి ఇంక్రిమెంట్లన్నీ తక్కువ జీతం మీదే లెక్కకొస్తాయి. ఆగిన ఇంక్రిమెంటు రద్దయిందా, వాయిదా పడిందా అన్నది కూడా లేఖలో ఒక వాక్యంగా ఉండాలి.

ఎప్పుడైనా ఉద్యోగం వదిలే ఆలోచన ఉన్నవాళ్లు, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నవాళ్లు అన్నిటికంటే ముందు చూడాల్సింది గ్రాట్యుటీ. అది చివరగా తీసుకున్న బేసిక్, డీఏ మీద లెక్కేస్తారు: దాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. తొమ్మిదేళ్లకు 24,000 మీద 1,24,615 రూపాయలు. కోత నడుస్తుండగా రాజీనామా చేస్తే 18,000 మీద 93,462. తేడా 31,153. ఆరు నెలల కోతలో పోయిన డబ్బులో సగానికి పైగా, ఒక్క సంతకంతో పోతుంది. సెలవుల నగదుకూ సాధారణంగా ఇదే లెక్క. దీన్ని తప్పించుకోవడానికి దారులున్నాయి. కోతంతా భత్యాల్లోంచే తీసుకొని 16,000ను 6,000 చేసి, 24,000 జోలికి వెళ్లవద్దని అడగొచ్చు. చేతికి వచ్చేది ఇంకొంచెం తగ్గుతుంది, ఎందుకంటే పీఎఫ్ మినహాయింపు పాత లెక్కలోనే సాగుతుంది. అయినా వెళ్లిపోయేవాళ్లకు అదే లాభం. లేదా ‘గ్రాట్యుటీ, సెలవుల నగదు పాత జీతం మీదే’ అన్న వాక్యం చేర్పించుకోవచ్చు.

పన్ను సంగతి ఈ స్థాయి జీతానికి పెద్ద సమస్య కాదు. పన్ను కట్టేంత జీతమున్నవాళ్లు మాత్రం ఒకటి తెలుసుకోవాలి: జీతాన్ని రావాల్సిన రోజు, చేతికొచ్చిన రోజు, ఈ రెంటిలో ముందు వచ్చే దాని ప్రకారం ఆదాయంగా లెక్కిస్తారు. వాయిదా పడిన జీతం చేతికి రాకముందే ఆ ఏడాది ఆదాయంలో చేరవచ్చు. కోతలో ఆ బాధ లేదు.

లేఖకు జవాబు

సంతకం పెట్టి ఇచ్చేయమంటే ఒకటి రెండు రోజులు టైమ్ అడిగి మెయిల్‌లో జవాబివ్వడం మంచిది. ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా ఇంత ఉంటే చాలు:

‘సార్, ఆగస్టు 20 నాటి లేఖ అందింది. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు మూడు నెలలు, నెలకు 10,000 రూపాయల చెల్లింపును వాయిదా వేయడానికి అంగీకరిస్తున్నాను. నా జీతం 40,000గానే కొనసాగుతుందని, వాయిదా మొత్తం పేస్లిప్‌లో విడిగా చూపిస్తారని, 6 శాతం వడ్డీతో మార్చి 31లోపు చెల్లిస్తారని, ఈలోగా నేను ఉద్యోగం మానినా, తొలగించినా తుది సెటిల్‌మెంటులో మొత్తం ఇస్తారని అర్థం చేసుకుంటున్నాను. డిసెంబరు నుంచి పూర్తి జీతం చెల్లించగలరు.’

ఉద్యోగం మానడం గురించిన వాక్యం ఎందుకంటే, కొన్ని లేఖల్లో ‘మార్చి వరకు కొనసాగినవారికే’ అన్న షరతు నక్కి ఉంటుంది. ఇంకొన్నిట్లో ఆగిన జీతానికి ‘లాయల్టీ బోనస్’ అని పేరు మారుస్తారు. జీతం చేసిన పనికి వచ్చేది. అలాంటి బోనస్ కంపెనీ ఇష్టం. పేరు మారగానే మీ బాకీ వాళ్ల దయ అయిపోతుంది. ఈ మార్పుకు మాత్రం ఒప్పుకోవద్దు. రాజీనామా చేసినా, తొలగించినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని కోడ్‌లోనే ఉంది.

చెప్పిన తేదీకి డబ్బు రాకపోతే మర్నాడే మెయిల్ పెట్టాలి. ‘కొంచెం ఓపిక పట్టండి, ఇంత ఇవ్వాల్సిన మాట నిజమే’ అని జవాబు వస్తే దాన్ని దాచుకోవాలి. బాకీని రాతపూర్వకంగా ఒప్పుకోవడం తర్వాత క్లెయిములో చాలా పనికొస్తుంది. ఆపైన కార్మిక శాఖ దగ్గర క్లెయిము వేయొచ్చు. ఒక్కరే వెయ్యొచ్చు, యూనియన్ తరఫునా వెయ్యొచ్చు. బాకీతోపాటు దానికి పది రెట్ల వరకు పరిహారం విధించే అధికారం అక్కడ ఉంది.

కంపెనీ మూతపడి, ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేషన్‌కు వెళ్తే బాకీ వయసు ముఖ్యమవుతుంది. దివాలా చట్టంలో కార్మికులకు లిక్విడేషన్ మొదలవడానికి ముందు 24 నెలల బకాయిలు తనఖా పెట్టుకున్న బ్యాంకులతో సమానమైన వరుసలో నిలబడతాయి. కార్మికుల లెక్కలోకి రాని ఉద్యోగులకు 12 నెలల బకాయిలకే, అదీ ఆ కింది వరుసలో చోటు. అంతకు ముందరి బాకీ ఇంకా వెనక్కి పోతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల్లో ఉన్న డబ్బు మాత్రం ఈ పంపకంలోకి రాదు. అందుకే వాయిదా ఏడాది దాటి సాగుతున్నప్పుడు, ముఖ్యంగా మేనేజర్ స్థాయివాళ్లు, పాత నెలల బాకీ ముందు తీర్చమని అడగాలి. కంపెనీ కొంత కొంతగా చెల్లిస్తుంటే ప్రతి చెల్లింపు ఏ నెల బాకీకి జమ అయిందో పేస్లిప్‌లో రాయించుకోవాలి.